టప్ టప్ టోపీ: అక్క చిన్నప్పటి కార్టూన్ వెతుకులాట, ప్రాజెక్టు డైరీ

శనివారం రాత్రి

మా పెద్దమ్మ కూతురు తిరుపతిలో బైరాగిపట్టెడలో ఉంటుంది. ఆమె కూతురు కీబోర్డు నేర్చుకుంటోంది. "అమ్మా, నీ చిన్నప్పటి కార్టూన్ పాట ఒకటి చెప్పు, వాయిస్తా" అని ఆ పిల్ల అడిగితే అక్కకు పాట సగం వచ్చిందట, సీరియల్ పేరు మాత్రం ఎంతకీ గుర్తుకు రాలేదట. ఒక ఆడపిల్ల, ఒక కుందేలు, టోపీ అనే మాట ఉన్న పాట. ఆమె దగ్గర ఉన్నది అంతే. పేరు కనుక్కునే పని నేను తీసుకున్నాను.

పాత టీవీ కార్యక్రమాల పేర్లు పట్టుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న ఇష్టం. అందుకే ఈసారి మొదలుపెట్టకముందే ఒక నియమం పెట్టుకున్నాను. అక్క నోట్లోంచి వచ్చినదంతా రికార్డు అయ్యేదాకా ఆమెకు ఏ వీడియో చూపించను, ఏ పేరూ చెప్పను. చూపించిన క్షణం నుంచి ఆమె చెప్పేది పాత జ్ఞాపకమో, ఇప్పుడు చూసిన బొమ్మో విడదీయడం ఎవరి వల్లా కాదు. "ఆ, ఇదే ఇదే" అని మనిషి సంతోషంగా ఒప్పేసుకుంటాడు. తప్పు పేరు ఖాయమైపోయేది చాలాసార్లు ఇలాగే.

అక్కకు ఫోన్ చేసి ఇంకొక మాట కూడా చెప్పాను. రేపు నేను వచ్చేదాకా ఎవరితోనూ దీని గురించి మాట్లాడొద్దు, ఫోన్లో వెతకొద్దు. "ఏందిరా, పోలీసు విచారణ మాదిరి" అంది. కానీ ఒప్పుకుంది.

ఆదివారం

అక్క ఇంట్లో, వంట అయ్యాక, ఫోన్ రికార్డర్ పెట్టి కూర్చున్నాం. ముందు పాట అడిగాను, తర్వాతే బొమ్మలు. ఈ వరస ముఖ్యం. బొమ్మల గురించి మాట్లాడుతూ పోతే మనసులో కథ ఒకటి తయారవుతుంది. అప్పుడు పాటలో మరిచిపోయిన చోట్లను ఆ కథకు సరిపోయే మాటలతో నింపేస్తాం.

మాటలు అక్కర్లేదు, రాగం మాత్రం హమ్ చెయ్యి అన్నాను. కళ్ళు మూసుకుని చేసింది. తర్వాత మాటలతో పాడమన్నాను. రికార్డింగు విని, ఆమె పలికింది పలికినట్టే కాగితం మీద రాశాను: "టప్ టప్ టోపీ టోపీ... ఏదో ఏదో... ఊబే, పర పర పరమేశీ... దేకే... జూబే."

"పరమేశీనా?" అని అడగాలనిపించింది కానీ అడగలేదు. అట్ల అడిగితే ఆమెకే అనుమానం వచ్చి మార్చేస్తుంది. కాసేపు వేరే విషయాలు మాట్లాడి మళ్ళీ పాడమంటే అచ్చంగా అదే వచ్చింది, పరమేశీతో సహా. రెండోసారీ మారలేదంటే అది అప్పటికప్పుడు కల్పించింది కాదు. చిన్నప్పుడు చెవికి ఎలా తగిలిందో అలాగే నిలిచిపోయిన మాట.

ఈ చీటీలో మొదట కనిపించేది ఏమిటంటే, పాదం మొదలు ఉంది, పాదం చివర ఉంది, మధ్యలో ఖాళీ. అర్థం తెలియని భాషలో పాటను పిల్లలు దాచుకునేది సాధారణంగా ఇట్లనే. మొదట్లో తాళం గట్టిగా పడే మాట నిలుస్తుంది, చివర ప్రాస నిలుస్తుంది. ఊబే, జూబే అని రెండు పాదాలు ఒకే చప్పుడుతో ముగుస్తున్నాయి కాబట్టి ఆ రెండూ జంట పాదాలని ధైర్యంగా అనుకోవచ్చు. టోపీ చెక్కుచెదరకుండా ఎందుకు నిలిచిందో కూడా తెలుస్తోంది. అది మన మాట కూడా కదా, పిల్ల దాన్ని అర్థంతో సహా పట్టుకుంది. పరమేశీ మాత్రం తెలిసిన చప్పుడుకు దగ్గరగా జరిగిపోయిన మాట అని నా అనుమానం. తిరుపతిలో పెరిగిన పిల్ల చెవికి దేవుడి పేరు ఎప్పుడూ దగ్గరే ఉంటుంది.

తర్వాత బొమ్మలు. ఇక్కడ నేను "కుందేలుకు గడియారం ఉందా?" లాంటి ప్రశ్నలు వేయలేదు. "ఎవరెవరు ఉన్నారు, ఏం చేసేవాళ్ళు?" అని మాత్రమే అడిగి ఊరుకున్నాను. అక్క చెప్పినవి: ఒక ఆడపిల్ల. ఆమె వెంటే తిరిగే చిన్న కుందేలు, పిల్లవాడిలా మాట్లాడేది. "ఇంకొక కుందేలు కూడా ఉండాది, పెద్దది, ఎప్పుడూ హడావుడిగా ఉంటాది." ఒక గుడ్డు మనిషి. నవ్వే పిల్లి. మధ్యలో ఒక పులి.

ఆడపిల్ల గౌను నీలం రంగు అని కూడా చెప్పింది. ఆ రంగును నేను కొట్టేశాను. ఎందుకంటే ఆ రోజుల్లో పెద్దమ్మ వాళ్ళ ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. 1995 వేసవిలో కలర్ టీవీ కొన్నారు. ఆ సంగతి అక్కే చెప్పింది, పెద్దమ్మ కూడా అదే అంది. ఆ సీరియల్ చూసింది కొర్లగుంట ఇంట్లో, పాత టీవీలో అని ఇద్దరూ గట్టిగా అంటున్నారు. అంటే ఆ గౌను రంగు అక్క ఎప్పుడూ చూడనే లేదు. తర్వాత ఎక్కడో పుస్తకంలోనో, సినిమాలోనో చూసిన రంగు వచ్చి చేరింది.

ఆ టీవీ వల్ల ఇంకొక మేలు జరిగింది. కాలానికి హద్దు దొరికింది. కొర్లగుంట ఇంటికి వాళ్ళు మారింది 1991లో. కాబట్టి సీరియల్ వచ్చింది 1991కి, 1995 వేసవికి మధ్య. ఏ సంవత్సరం అని సూటిగా అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఏ ఇల్లు, ఏ టీవీ, ఏ తరగతి అని అడిగితే చెప్పేస్తారు.

సోమవారం

ఆ రోజుల్లో ఆ టీవీ చూసినవాళ్ళు ఇంట్లో ఇంకా ఉన్నారు కదా, వాళ్ళ జ్ఞాపకం కూడా తీసుకుందామని పిన్నికి ఫోన్ చేశాను. అప్పట్లో ఆమె కాలేజీలో చదువుతూ పెద్దమ్మ ఇంట్లోనే ఉండేది. పిన్ని గడగడా చెప్పింది: నీలం గౌను, తెల్ల ఏప్రాన్, జేబు గడియారం పెట్టుకున్న తెల్ల కుందేలు, సొరంగంలోకి పడిపోవడం.

ఇంత స్పష్టంగా ఉండడమే నాకు తేడాగా అనిపించింది. ఎక్కడైనా చూశావా పిన్నీ అని అడిగితే, "పొద్దున తమ్ముడు గ్రూపులో వీడియో పెట్టినాడు కదా" అంది. ఫ్యామిలీ గ్రూపు తెరిచి చూస్తే నిజమే. అక్క ఏదో వెతుకుతోందని విని మా తమ్ముడు ఉత్సాహంగా డిస్నీ వాళ్ళ 1951 ఆలిస్ సినిమా ముక్క ఒకటి పెట్టేశాడు. పిన్ని చెప్పినవన్నీ ఆ ముక్కలో ఉన్నవే. అందులో లేనిది ఒక్కటీ చెప్పలేదు.

పిన్ని జ్ఞాపకాన్ని పక్కన పెట్టక తప్పలేదు. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆ సీరియల్ చూసే ఉంటుంది. కానీ పొద్దున చూసిన బొమ్మ పాత బొమ్మ మీద పరుచుకుంది, ఇప్పుడు కింద ఏముందో తెలియదు. మంచి సంగతి ఏమిటంటే అక్క ఆదివారం రాత్రి నుంచి గ్రూపు తెరవలేదు, ఆమె రికార్డింగు అంతకుముందే అయిపోయింది. తమ్ముడికి ఫోన్ చేసి ఆ వీడియో తీయించాను.

తమ్ముడి ఊహ తప్పని అనడం లేదు. ఆడపిల్ల, హడావుడి కుందేలు, నవ్వే పిల్లి కలిస్తే ఎవరికైనా ఆలిస్ కథే గుర్తొస్తుంది. లూయిస్ కారొల్ 1865లో అచ్చు వేయించిన ఆ పుస్తకాన్ని ఎన్నోసార్లు, ఎన్నో దేశాల్లో తెరకెక్కించారు. కథ ఏదో తెలియడం వేరు, ఏ సీరియలో తెలియడం వేరు. మనకు కావలసింది రెండోది.

బుధవారం, చిత్తూరు

పని మీద చిత్తూరు వచ్చాను, సాయంత్రం గ్రీమ్స్‌పేటలో మామ ఇంటికి వెళ్ళాను. అప్పట్లో మామ సెలవులకు తిరుపతి వచ్చేవాడు. ఆయనకు వాట్సాప్ అలవాటు లేదు కాబట్టి ఆ వీడియో చూసే అవకాశం లేదు.

"అది హిందీ కాదబ్బా, తమిళం" అన్నాడు మామ. చాలా నమ్మకంగా అన్నాడు. చిత్తూరు మనిషి అట్ల అంటే కొట్టిపారేయలేం. ఇక్కడ సగం ఇళ్ళలో తమిళం వినబడుతుంది, టీవీలోనూ తమిళ కార్యక్రమాలు చూస్తూ పెరిగినవాళ్ళే ఎక్కువ. భాష తేలకపోతే వెతకాల్సిన చోటే మారిపోతుంది.

అక్క రికార్డింగు వినిపించకుండా మామనే పాడమన్నాను. ఆయన పాడింది పూర్తిగా వేరే రాగం. అందులో టోపీ లేదు, టప్ టప్ లేదు. నెమ్మదిగా సాగే తాళం, ఎక్కడో "వా వా" అని వస్తుంది. అక్కది గెంతుతూ నడిచే పాట. రెండూ ఒకటయ్యే అవకాశం కనిపించలేదు.

భాష సంగతి తేల్చడానికి అక్క చీటీలోనే సాక్ష్యం ఉంది. "దేకే" అని ఒక మాట మిగిలింది. హిందీలో చూడడానికి సంబంధించిన మాట అని హిందీ రాని నాకూ తెలుసు. రికార్డింగు మళ్ళీ జాగ్రత్తగా వింటే ఇంకొకటి తెలిసింది. నేను "పర పర" అని రాసుకున్న చోట అక్క మొదటిసారి పాడినప్పుడు పెదవి పళ్ళకు తాకిన గాలి చప్పుడు వస్తోంది, "ఫర్ ఫర్" అన్నట్టు. నా చేతిరాతలో అది పోయింది, రికార్డులో ఉంది. ఆ ఫ చప్పుడు పాత తమిళ మాటల్లో ఉండదు. హిందీలో ఉర్దూ నుంచి వచ్చిన మాటల్లో కొల్లలుగా ఉంటుంది.

మామ మాత్రం ఒప్పుకోలేదు. "నేను చూసింది తమిళమే. నువ్వు రాసి పెట్టుకో" అన్నాడు. రాసి పెట్టుకున్నాను, విడిగా.

గురువారం

మా వీధి చివర ఒక మేడమ్ ఉన్నారు, చాలా ఏళ్ళుగా పిల్లల చేత హిందీ ప్రచార సభ పరీక్షలు రాయిస్తుంటారు. ఆమెకు సీరియల్ సంగతి ఏమీ చెప్పకుండా, "ఇది హిందీ పాటే అయితే ఈ ఖాళీల్లో ఏముండొచ్చు మేడమ్?" అని రికార్డింగు వినిపించాను.

ఆమె కళ్ళు మూసుకుని విని, పెన్ను తీసుకుని జంట పాదాల చివర్లు ముందు పట్టుకున్నారు. ఊబే అని ముగిసే మాటల్లో పిల్లల పాటకు సరిపోయేది డూబే, మునిగారు అని. జూబే అంటే అజూబే అయ్యుండాలి, వింతలు అని. పరమేశీ దగ్గర ఆమె నవ్వారు. "ఇది ఫర్మాయిషీ బాబూ. రేడియోలో కోరిన పాటలు వేస్తారే, ఆ ఫర్మాయిష్." ఫర్ ఫర్ ఫర్మాయిషీ అని పలికి చూపించారు. టప్ టప్ టోపీకి జతగా అదే అచ్చు, అదే తాళం. మొదటి పాదంలో టకారం గెంతితే రెండో పాదంలో ఫకారం గెంతుతుంది. పాట రాసినవాళ్ళు కావాలని చేసిన పని అది.

అర్థం కూడబలుక్కుంటే, టోపీలో మునిగినవాళ్ళు వింతలు చూశారు అన్నంత వస్తుంది. కథ వైపు నుంచి చూస్తే వింతల లోకం, పాట వైపు నుంచి చూస్తే వింతలు. రెండు వేరు వేరు దారుల్లో వచ్చిన ఆధారాలు ఒకచోట కలిశాయి. ఈ పనిలో నాకు నమ్మకం కలిగేది ఇలాంటప్పుడే. ఒకే మనిషి పదిసార్లు చెప్పినదానికంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే చోటుకి చేరడం బలమైనది.

గురువారం రాత్రి, వెతుకులాట

తెలుగు లిపిలో వెతికితే తెలుగు పేజీలే వస్తాయి, టోపీలు అమ్మే దుకాణాలతో సహా. హిందీ పాట గురించి రాసినవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లోనో, దేవనాగరిలోనో రాసి ఉంటారు. టకారాన్ని ఎవరు ఎలా రాస్తారో తెలియదు కాబట్టి ఇలా మార్చి మార్చి వేశాను:

```
"tap tap topi topi" doordarshan
"tup tup topi" cartoon hindi title song
टप टप टोपी टोपी
```

మొదటిదే తగిలింది. దూరదర్శన్‌లో 1990ల మొదట్లో వచ్చిన హిందీ ఆలిస్ ఇన్ వండర్‌లాండ్ సీరియల్ టైటిల్ పాట. రాసింది గుల్జార్, సంగీతం విశాల్ భరద్వాజ్. జంగిల్ బుక్ హిందీ టైటిల్ పాట చేసింది కూడా ఈ ఇద్దరే.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నేను ఆగలేదు, ఎందుకంటే దొరికింది పాట మాత్రమే. అక్క చూసిన బొమ్మలు ఏ దేశంవి, ఎవరు గీసినవి అన్నది ఇంకా తేలలేదు. పాట ఒకరిది, బొమ్మలు ఇంకొకరివి కావడం ఈ రంగంలో మామూలు సంగతి. వేరే దేశం సీరియల్ కొని మన భాషలోకి డబ్బింగ్ చేసేటప్పుడు టైటిల్ పాటను కొత్తగా కట్టించేవాళ్ళు.

ఇది ఊహ కాదని తేల్చుకోవడానికి, ముందే అన్నీ తెలిసిన ఒక సీరియల్ మీద పరీక్షించి చూశాను. జంగిల్ బుక్ తీసుకున్నాను. అది జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ స్టూడియో 1989లో మొదలుపెట్టిన 52 భాగాల సీరియల్. మనకు 1993లో దూరదర్శన్‌లో వచ్చింది. జపాన్‌లో వేసిన ఓపెనింగ్ తీసి విన్నాను. మన చెడ్డీ వేసుకున్న మోగ్లీ పాటకూ దానికీ రాగంలోనూ మాటల్లోనూ ఎక్కడా పోలిక లేదు. కానీ బొమ్మలు అవే.

దీనివల్ల పని రెండుగా చీలింది. అక్క పాడిన రాగాన్ని పట్టుకుని జపాన్ సీరియళ్ళనో, జర్మన్ సీరియళ్ళనో వింటూ కూర్చుంటే జీవితాంతం దొరకదు, ఎందుకంటే ఆ రాగం అక్కడ పుట్టలేదు. పాటను మన డబ్బింగ్ వైపు వెతకాలి. పాత్రలను మూల సీరియల్ వైపు వెతకాలి. మా అక్క బుర్రలో ఒక్క ముక్కగా ఉన్న జ్ఞాపకం నిజానికి రెండు ఊళ్ళలో తయారైంది. "పాట మాత్రం గుర్తుంది, ఎంత వెతికినా దొరకడం లేదు" అనే వాళ్ళలో చాలామంది ఈ చోటే ఇరుక్కుపోతున్నారని నా నమ్మకం.

శుక్రవారం

ఇప్పుడు పాత్రలు. ఆలిస్ కథతో వచ్చిన బొమ్మల చిత్రాల్లో నా ముందు ముఖ్యంగా రెండు నిలిచాయి. ఒకటి తమ్ముడు పెట్టిన 1951 డిస్నీ సినిమా. రెండోది మళ్ళీ నిప్పన్ యానిమేషన్ వాళ్ళదే, జపాన్, జర్మనీ కలిసి తీసిన సీరియల్. జపాన్‌లో 1983 అక్టోబర్ నుంచి 1984 మార్చి దాకా వచ్చింది. దాన్ని వెతకాలంటే జపాన్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో వేయాలి, లేకపోతే డిస్నీ సినిమానే వరసగా వస్తూ ఉంటుంది:

```
Fushigi no Kuni no Alice 1983
```

రెండింటిలోనూ ఆలిస్ ఉంది, హడావుడి కుందేలు ఉంది, నవ్వే పిల్లి ఉంది. ఉమ్మడిగా ఉన్నవాటితో ఏమీ తేలదు. తేడా చూపించేవి కావాలి. అక్క చెప్పినవాటిలో అలాంటివి రెండున్నాయి.

మొదటిది, ఆమె వెంటే తిరిగే చిన్న కుందేలు. కారొల్ పుస్తకంలో ఆలిస్‌కు అలాంటి తోడు ఎవరూ లేరు. గడియారం చూసుకుంటూ పరిగెత్తే తెల్ల కుందేలు ఉంది, టీ పార్టీలో ఇంకొకటి ఉంది. ఆ పిల్ల మాత్రం ఒంటరిగానే తిరుగుతుంది. డిస్నీ సినిమాలోనూ అంతే. నిప్పన్ సీరియల్లో మాత్రం బెన్నీ అనే పిల్ల కుందేలును కొత్తగా చేర్చారు. వారం వారం నడిచే సీరియల్లో ఆలిస్ ఎవరితో ఒకరితో మాట్లాడుతూ ఉండాలి కాబట్టి ఇలా ఒక తోడును పెట్టుకోవడం సహజమే. అక్క ఆదివారం నాడు తనంతట తానే "ఇంకొక కుందేలు కూడా ఉండాది" అని రెండింటినీ విడదీసి చెప్పింది. నేను అడిగి రాబట్టింది కాదు. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే.

రెండోది, గుడ్డు మనిషి. అది హంప్టీ డంప్టీ. కారొల్ మొదటి పుస్తకంలో అతను లేడు, అద్దం లోపలి లోకం గురించి రాసిన రెండో పుస్తకంలో, 1871లో వచ్చినదాంట్లో ఉన్నాడు. డిస్నీ వాళ్ళు ఆ రెండో పుస్తకం నుంచి లావుపాటి కవలలను తీసుకున్నారు కానీ హంప్టీని తీసుకోలేదు. నిప్పన్ సీరియల్లో హంప్టీ ఉన్నాడు. ఈ ఒక్కటే ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. హంప్టీ బొమ్మ ప్రతి ఎల్‌కేజీ పుస్తకంలోనూ ఉంటుంది, అక్కడి నుంచి వచ్చి చేరి ఉండొచ్చు. రెండు కుందేళ్ళ పక్కన నిలబెడితేనే దానికి బలం.

మిగిలింది పులి. ఆలిస్ కథలో దానికి చోటు లేదు. అది జంగిల్ బుక్‌లోని షేర్‌ఖాన్ అని నాకు అనిపిస్తోంది, అలా అనిపించడానికి కారణాలూ ఉన్నాయి. రెండు సీరియళ్ళనూ గీసింది ఒకే స్టూడియో, రెండింటికీ పాట కట్టింది ఒకే జంట, రెండూ వచ్చింది ఒకే చానల్లో, దాదాపు ఒకే కాలంలో. గీత ఒకటే, గొంతుల తీరు ఒకటే అయినప్పుడు ఒకదాంట్లోని పులి ఇంకొకదాంట్లోకి నడిచి రావడం వింత కాదు. పైగా హిందీలో షేర్‌ఖాన్‌కు గొంతు ఇచ్చింది నానా పాటేకర్. ఆ గొంతు విన్న పిల్లలు దాన్ని అంత సులభంగా మరిచిపోరు.

శనివారం, గుర్తింపు పరేడ్

ఇప్పుడు అక్కకు చూపించే సమయం. ఒక్క బొమ్మ చూపించి "ఇదేనా?" అంటే అవుననే అంటుంది. అందుకే ఒకే సైజులో కొన్ని బొమ్మలు ప్రింటు తీయించాను. పేర్లు లేవు. అందులో డిస్నీ ఆలిస్, నిప్పన్ ఆలిస్, మోగ్లీ, డక్‌టేల్స్ ఉన్నాయి. పొట్లీ బాబా కూడా పెట్టాను. అది తోలుబొమ్మల తరహా కార్యక్రమం, గీసిన బొమ్మలు కావు. కానీ దాని పాట కూడా గుల్జార్, విశాల్ జంటదే, అదే కాలంలో అదే టీవీలో వచ్చింది. కాబట్టి అక్క పాటను తప్పు బొమ్మకు అతికించుకుని ఉంటే అది ఇక్కడ బయటపడాలి. అన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో తీయించాను, అక్క చూసింది అలాగే కాబట్టి. ప్రింటు షాపులో కుర్రాడు కలర్లో తీస్తే బాగుంటుందన్నా అని చెప్పి చూశాడు.

నేను ఎదురుగా కూర్చుంటే నా ముఖం చూసి పసిగడుతుందని, బొమ్మలు మేనకోడలి చేతికిచ్చి నేను వంటింట్లోకి వెళ్ళాను. ఏది సరైనదో ఆ పిల్లకు తెలియదు. "చూసినవి ఒక పక్క, చూడనివి ఒక పక్క పెట్టమను. ఆ తర్వాత పాట ఏ బొమ్మదో అడుగు" అని మాత్రం చెప్పాను.

అక్క చూసినవాటి పక్క మోగ్లీ, డక్‌టేల్స్, పొట్లీ బాబా, నిప్పన్ ఆలిస్ పెట్టింది. డిస్నీ ఆలిస్ దగ్గర చాలాసేపు ఆగి, "ఈ పాప తెలుసు గానీ మన టీవీలో కాదు" అని పక్కన పెట్టింది. పాట ఏదానిదని అడిగితే క్షణం ఆలోచించకుండా నిప్పన్ ఆలిస్ మీద వేలు పెట్టింది. "ఇదో, ఈ చిన్న కుందేలు. వీడే." బెన్నీని చూపించి చెప్పింది.

ఆ తర్వాతే వీడియో పెట్టాను. ఇక్కడా ఒక జాగ్రత్త ఉంది. పాత టైటిల్ పాటలకు వేరే సినిమా ముక్కలు అతికించి పెట్టేవాళ్ళు ఉంటారు. అప్పుడు పాట నిజమైనదే అయినా బొమ్మలు దానివి కావు. అందుకే టేపు మీద రికార్డు చేసినట్టు గీతలు కనబడే కాపీని ఎంచుకున్నాను. బొమ్మ మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా ఒకే స్టూడియో గీతలో సాగుతోందా, అందులో బెన్నీ కనబడుతున్నాడా అని ముందే చూసుకున్నాను. ఫర్ ఫర్ ఫర్మాయిషీ వచ్చేసరికి అక్క "అయ్యో, పరమేశీ కాదా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మధ్యలో ఖాళీగా ఉన్న మాటలు రెండోసారికే నోటికి వచ్చేశాయి.

పులి కోసం జంగిల్ బుక్ ముక్క ఒకటి పెట్టాను. షేర్‌ఖాన్ గొంతు వినగానే "ఇదే ఆ పులి" అంది. మళ్ళీ కాసేపాగి, "అంటే వాడు ఇందులో లేడా?" అని అడిగింది. లేడు.

ఆదివారం

మేనకోడలు పాటను కీబోర్డు మీద పట్టుకుంటోంది. రికార్డింగు పాతది కావడంతో టేపు వేగం తేడా ఉన్నట్టుంది, శ్రుతి రెండు మెట్ల మధ్య పడుతోంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కినా కుదరలేదు, అది ఒక్కో మెట్టే జరుపుతుంది. ఫోన్లో వీడియో వేగాన్ని కొద్దిగా మారుద్దామని చూస్తే, యాప్ శ్రుతిని అలాగే ఉంచి తాళాన్ని మాత్రమే మార్చింది. చివరికి పాటను ఒక ఎడిటింగ్ యాప్‌లోకి తీసుకుని శ్రుతి, వేగం రెండూ కలిసి మారేలా కొంచెం తగ్గిస్తే మెట్టు మీద కూర్చుంది. ఇప్పుడు పాప సరిగ్గానే వాయిస్తోంది.

ఫైలులో ఇలా రాసి మూసేశాను: పాట, హిందీ డబ్బింగ్ టైటిల్, దూరదర్శన్, ఖాయం. బొమ్మలు, నిప్పన్ యానిమేషన్ ఆలిస్, 1983, ఖాయం, ఆధారం బెన్నీ. గౌను రంగు, లెక్కలోకి తీసుకోలేదు. పులి, జంగిల్ బుక్‌ది.

మధ్యాహ్నం మామ చిత్తూరు నుంచి ఫోన్ చేశాడు. "నా తమిళ పాట సంగతి ఏమైందబ్బా?" అన్నాడు. ఎవరితోనూ మాట్లాడొద్దు, వచ్చే వారం రికార్డర్‌తో వస్తా అని చెప్పాను. అప్పట్లో వాళ్ళింట్లో ఏ టీవీ ఉండేదో అత్తను అడిగి పెట్టమన్నాను.